నలభై ఏడో వరుస

పెళ్ళి పిలుపుకు జంటగా వెళ్ళాలి. తట్టలో తమలపాకులు, పసుపు, కుంకుమ, పైన పత్రిక. పట్టుకునేవాళ్ళు మొగుడూ పెళ్ళాలై ఉండాలి. లక్ష్మణసామి భార్య వెళ్ళైయమ్మాళ్ పోయి మూడేళ్ళయింది. అందుకని సొంత కూతురి పెళ్ళికి ఊళ్ళు తిరిగే పని తమ్ముడు గోకులకృష్ణన్, మరదలు చిన్నతాయి మీద పడింది.

“నువ్వు కొట్లో కూసోని పట్టిక చూసుకోన్నా,” అన్నాడు తమ్ముడు. “దాంట్లోనే శానా పని ఉండాది.”

ఏడ్చే పిల్లాడి చేతికి గిలక్కాయ ఇచ్చినట్టు ఇచ్చారు.

పట్టిక చేసింది పెళ్ళికూతురు సత్యప్రియ. ఉద్యోగం మదురైలో. అక్కడ తను మార్చింది కోవిల్‌పట్టిలో నాయన పల్లీపట్టీలు అమ్మే కడలమిఠాయి కొట్టు కంప్యూటర్లో కనిపిస్తుంది. ఇంటికో వరుస. పేరు, ఊరు, తట్ట ఇచ్చారా, జవాబు, ఎంతమంది, ఏం తింటారు, ఏ బంతిలో కూర్చుంటారు. జవాబు గడిలో మూడు మాటలే: వస్తారు, రారు, చూస్తాం. చుట్టాల్లో ‘రారు’ అన్నవాడు ఒక్కడూ లేడు. ‘చూస్తాం’ అన్నవాళ్ళే పిల్లాజెల్లాతో ముందొచ్చి కూర్చుంటారని లక్ష్మణసామికి తెలుసు. వాళ్ళ తలలూ మొత్తంలోకి వేశాడు.

రెండు రోజుల్లో ఆ పట్టిక రుచి తెలిసింది. వెళ్ళైయమ్మాళ్ కర్మ ముగియకముందే తనకు రెండో పెళ్ళి సంబంధం తెచ్చిన కడంబూరు చుట్టాన్ని మూడో బంతిలో చేతులు కడిగే తొట్టి పక్కన పెట్టాడు. ఏడుపు మధ్య కాఫీలో చక్కెర చాలలేదన్న కారియాపట్టి అత్తను పంకా లేని మూలకు తోశాడు. ముప్ఫై ఏళ్ళు మొహం మీద అనలేని మాటలన్నీ ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకెగా అన్నాడు. ప్రాణానికి హాయిగా ఉంది.

నలభై ఏడో వరుస దగ్గర ఆగాడు. సుబ్బురాజ్, విరుదునగర్, పద్నాలుగు మంది. వెళ్ళైయమ్మాళ్ తమ్ముడు, మిరపకాయల వ్యాపారి. అక్క పాడె లేపుతుంటే పక్కకెళ్ళి ఫోన్‌లో మిరపకాయ ధర మాట్లాడినవాడు. ఆ రోజు నుంచి లక్ష్మణసామి వాడి పేరు పలకలేదు. సత్యప్రియకేమో ఒకటే పట్టు: మేనమామ తెచ్చిన చీర కట్టుకునే పీటల మీద కూర్చుంటుంది.

వరుస తుడిచేస్తే కూతురికి అనుమానం వస్తుంది. పొడుగాటి పట్టిక తెర మీద పట్టనప్పుడు అక్కర్లేని వరుసను దాచేయొచ్చని ఆమే నేర్పింది. అంకె మీద మౌస్ కుడివైపు నొక్కి దాచేశాడు. నలభై ఆరు తర్వాత నలభై ఎనిమిది. కాగితం మీద అచ్చు తీస్తే సుబ్బురాజ్ అన్నవాడు ఈ భూమ్మీద పుట్టలేదు.

ఆ కాగితం చూసి చిన్నతాయి అడిగింది. “బావా, విరుదునగర్లో మీ బామ్మర్ది పేరు లేదే?”

“అది నేను చూసుకుంటా.”

వాళ్ళు విరుదునగర్ వెళ్ళి తొమ్మిది ఇళ్ళు పిలిచి, సుబ్బురాజ్ వీధిలోంచే తిరిగొచ్చారు.

పెళ్ళి పది రోజులుందనగా వంట కాళియప్పన్ ఫోన్ చేశాడు.

“అన్నాచ్చీ, ముహూర్తం సాపాటుకి ఎన్ని ఆకులు?”

“ఆరువందల పన్నెండు.”

“మండపంలో బంతికి ఇన్నూరే కదా? మూడు బంతులకి ఆరునూర్లు. పన్నెండు మందికి నాలుగో బంతా? రసం మళ్ళా కాచేదా? నీ పట్టిక మళ్ళా ఒకసారి కూడు.”

యంత్రాన్ని నమ్మని లక్ష్మణసామి అచ్చు కాగితం ముందేసుకుని పెన్సిల్‌తో కూడాడు. ఐదువందల తొంభై ఎనిమిది. ఇంకోసారి కూడాడు. అదే. సంబరంగా కూతురికి ఫోన్ చేశాడు.

“నీ మిషను తప్పుమ్మా. పద్నాలుగు మందిని ఎక్కువ చూపిస్తా ఉంది.”

అవతల సత్యప్రియ పట్టిక తెరిచింది. కంప్యూటర్ మీటల చప్పుడు వినిపించింది.

“నాయినా, నలబై ఏడు యాడ?”

అప్పుడు తెలిసింది. దాచిన వరుస కంటికి కనపడదు, కాగితం మీదికి రాదు. మొత్తంలోంచి మాత్రం పోదు. పద్నాలుగు తలలూ కూడికలో కూర్చునే ఉన్నాయి.

“యాడికి పోతుంది, ఉండాది,” అన్నాడు.

“మామకి తట్ట ఇచ్చినారా?”

“లేదు.”

“సరి. చిన్నాయిన వాళ్ళు మామ వీదిలో పోయింది ఊరంతా సూసినారు. ఇంగ వాళ్ళు పోతే మామ తలుపు తియ్యడు. నువ్వే పోవాల.”

“నేను తట్ట పట్టుకోగూడదు గదా. అందుకే గదా నన్ను కొట్లో కూసోబెట్టినారు!”

“నా పెండ్లికి నువ్వు పట్టుకుంటే నాకు సెడేది ఏమీ లేదు. మామ చీర రాలేదంటే నేను పీటల మీదికి రాను. నాయినా, అమ్మ తరపున నాకుండేది ఆయన ఒక్కడే.”

ఫోన్ పెట్టేసింది. తెర మీద నలభై ఏడో వరుస మళ్ళీ తెరుచుకుంది. ‘ఏం తింటారు’ గడిలో కూతురు ఎప్పుడో రాసింది, తను చదవనే లేదు: ‘మామకు ఉప్పు లేకుండా, వేరే గిన్నెలో. డాక్టర్ మాట. మూత్రపిండాలు.’

లక్ష్మణసామికి జాలి వేయలేదు. ఉప్పు లేని సాంబారు తలుచుకుంటే విరుదునగర్ బస్సు ఎక్కేందుకు కాస్త ఉత్సాహం మాత్రం వచ్చింది.

సుబ్బురాజ్ తలుపు తీసి బావ చేతిలో తట్ట చూశాడు. మనిషి సగమయ్యాడు. నోరు మాత్రం తగ్గలేదు.

“ఏం బావా, ఒంటిగా వచ్చినావు? పిలిచేదానికి జంటగా రావాలని తెలీదా?”

“మీ అక్కని రమ్మన్నా. తీరిక లేదంది.”

సుబ్బురాజ్ నవ్వబోయి ఆపుకున్నాడు. లోపలికి రమ్మని అనలేదు, తలుపూ వేయలేదు. లక్ష్మణసామి తనంతట తనే పోయి కుర్చీలో కూర్చున్నాడు.

“చీర వారం కిందే కొనినాము,” అన్నాడు సుబ్బురాజ్. “పిలవకపోతే పార్సిల్‌లో పంపుదామనుకున్నా. అది నా అక్క బిడ్డ. నీ పిలుపు నాకెందుకు?”

“అయితే తట్ట తీసుకుపోతా.”

“పెట్టు, పెట్టు. తెచ్చినావు గదా.”

రెండు చేతులా అందుకున్నాడు. అందుకుని, గొంతు తగ్గించాడు.

“బావా, నాకు ఉప్పు లేని సాపాడు. సత్య చెప్పిందా?”

“పట్టికలో ఉండాది.”

“నాకొక్కనికేనా?”

“ఆరువందల పన్నెండులో నీకొక్కనికే.”

సుబ్బురాజ్ నేల చూపులు చూశాడు. “వేరే గిన్నె తెచ్చి నా ఆకులో వడ్డిస్తే అందరూ చూస్తారు. మిరపకాయ మండీ వాళ్ళందరూ వస్తారు. నన్ను కడా బంతిలో, యాడైనా మూలకి పెట్టు. చేతులు కడిగే చోటైనా సరే.”

మూడేళ్ళుగా లక్ష్మణసామి వాడిని కూర్చోబెట్టాలనుకున్న చోటు అదే. వాడే అడిగి తీసుకుంటున్నాడు. అడిగితే ఇచ్చేందుకా ఇంత దూరం బస్సులో వచ్చింది?

“కుదరదు,” అన్నాడు లేస్తూ. “మేనమామవి. మొదటి బంతిలో, నట్టనడుమ.”

“బావా!”

“వియ్యంకుడి ఎదురుగా. అందరికీ కనపడాల.”

బస్టాండులో నిలబడే కూతురికి ఫోన్ చేశాడు. “నలబై ఏడు, వస్తారు. పద్నాలుగు మంది. మొదటి బంతి, నడుమ. మీ చిన్నాయిన పేకాట నేస్తులు పద్నాలుగు మంది ఉండారే, వాళ్ళని నాలుగో బంతికి తోసెయ్. రసం మళ్ళా కాచమని కాళియప్పన్‌కి నేను చెప్పుకుంటా.”

అవతల సత్యప్రియ ముక్కు ఎగబీల్చింది. “మామని నట్టనడుమ కూసోబెట్టినావా? నాయినా, నువ్వు ఇంత మంచోడివని అమ్మ ఒకనాడు కూడా చెప్పలేదే.”

లక్ష్మణసామి ఆమె మాట సరిదిద్దలేదు. కోవిల్‌పట్టి బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది.