ఇంటిపేరుతో పిలువు

లక్ష్మీరాజం కాక చేతికి మైకు ఇస్తే మళ్లీ లాక్కోవడం ఎవరి తరమూ కాదు. సూరత్ లింబాయత్‌లో మా తెలుగు సంఘం వాళ్లకు పెళ్లయినా, గణపతి మండపమైనా, పరిచయాలు ఆయనే చేయాలి. మనిషిని చూసీ చూడగానే ఇంటిపేరు, ఊరు, ఏ సాంచల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో పని, అన్నీ గడగడా చెప్పేస్తాడు. ఆ మూడూ చెబితే గానీ మా వాళ్లకు మనిషి కనబడినట్టు ఉండదు.

అందుకే 2022 మార్చిలో క్షయ దినం మీటింగు పెట్టినప్పుడు నాకు గుబులు పుట్టింది. నేను టీబీ విభాగంలో ఇళ్లకు తిరిగి మందులు చూసుకునే హెల్త్ విజిటర్‌ని. పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. నా కోపం మాత్రం మా అమ్మ ఊరిదని అందరూ అంటారు. ఆ రోజు మాట్లాడాల్సింది బుచ్చవ్వ అత్తమ్మ. ఆమెను కాక ఎట్లా పరిచయం చేస్తాడోనన్నదే నా భయం.

బుచ్చవ్వ అత్తమ్మది మా గల్లీలోనే మెస్సు. ఒంటరిగా వచ్చి సాంచలు నడిపే మగవాళ్లంతా ఆమె చేతి అన్నమే తినేవాళ్లు. పొద్దున డబ్బాలు ఇచ్చి పోతే మధ్యాహ్నానికి నింపి ఉంచేది. రెండో కరోనా తగ్గాక ఆమెకు దగ్గు పట్టుకుంది. కరోనా పరీక్షలో ఏమీ లేదన్నారు, దగ్గు పోలేదు. నేనే కళ్లె పరీక్షకు తీసుకుపోయాను. టీబీ. ఆరు నెలలు మందులు ఒక్క పూట తప్పకుండా వేసుకుంది. మొన్ననే కోర్సు అయిపోయి, చివరి పరీక్షలోనూ ఏమీ లేదని తేలింది. రోగం పోయింది, గిరాకీ కూడా పోయింది. సగానికి పైగా మనుషులు డబ్బాలు తీసుకుపోవడం మానేశారు.

"నేను మాట్లాడుత బిడ్డా," అంది అడగ్గానే. "మందులేసుకున్నన్ని దినాలు మూతి మూసుకున్న, ఇగ చాలు. గని నా మెస్సు సంగతి చెప్పాలె. నేను బతికేది దాని మీదనే."

"పేరు చెప్పొచ్చా? ఫొటో?"

"పేరు చెప్పు. ఫొటో వద్దు, ముక్కు బాగుండది."

నవ్వుకుంటూ కాక దగ్గరికి పోయాను. ఆయన అప్పటికే పరిచయం తయారుచేసి పెట్టుకున్నాడు. "మృత్యువును ముద్దాడి, యముణ్ణి ఎదిరించి వచ్చిన వీరనారి..." అని గొంతు సవరించుకున్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

"కాకా, యముడొద్దు, వీరనారొద్దు. రోగి అనొద్దు, పాపం అనొద్దు. రోగం సంగతి ఆమె ఎంత చెప్పాలనుకుంటే అంత ఆమే చెబుతుంది. నువ్వు ముందే చెప్పేయొద్దు."

"మరి నేనేం చెప్పాలె?"

"ఆమె పేరు, మెస్సు చెప్పు. ఆమే చెప్పుమన్నది."

"సరే బిడ్డా, నీ ఇష్టం," అన్నాడు. ఆయన అంత తొందరగా ఒప్పుకుంటే అనుమానించాల్సింది. నేను కుర్చీలు సర్దడానికి పోయాను.

హాలు నిండింది. మాస్కులు కొందరికి ముక్కు మీద, ఎక్కువమందికి గడ్డం మీద. మా డాక్టరమ్మ హిందీలో నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంది. కాక మైకు అందుకుని అధ్యక్షుడు దూస రాములును, దండలు తెచ్చిన గాజుల ముత్యాన్ని, మంచినీళ్లు పోస్తున్న వాళ్లను సైతం ఇంటిపేరు, ఊరు, పనితో సహా పరిచయం చేశాడు. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

తర్వాత గొంతు తగ్గించాడు. చావు కబురు చెప్పేవాడిలా.

"ఇప్పుడు... మన ఒక సోదరి... తన అనుభవం చెప్తది. జర అందరు నిమ్మళంగ వినాలె."

బుచ్చవ్వ అత్తమ్మ మొదటి వరుసలోనే ఉంది. లేవలేదు.

"రా చెల్లే," అన్నాడు కాక.

"ఎవరిని పిలుస్తున్నవ్?"

"నిన్నే."

"నాకు పేరు లేదా అన్నా? నీళ్లు పోసే పిల్లకు ఇంటిపేరున్నది, ఊరున్నది. నాకొక్కదానికే లేదా?"

నేను వేదిక దగ్గరికి పరుగెత్తాను. కాక మైకు చేత్తో మూసి నా చెవిలో గొణిగాడు. "ఈమె ఇంటిపేరోళ్లు, కోడం వాళ్లు, ఈ గల్లీలనే పది ఇండ్లున్నరు బిడ్డా. రేపు పిల్లల లగ్గాలకు ఈ రోగం మాట అడ్డమొస్తది. వాళ్ల మంచికోసమే నేను దాచిన."

ఆయన మీద కోపం రావాలి, రాలేదు. నేను అనొద్దన్నవన్నీ మానేశాడు పాపం. ఇంకా మంచి చేద్దామని మనిషినే మాయం చేశాడు.

"ఆమెను అడిగినవా కాకా?"

"ఇట్లాంటివి అడుగుతరా?"

"అడుగుతరు. ఇప్పుడే అడుగు."

ఇరవై ఏళ్లుగా ఎవరినీ ఏమీ అడగకుండా మైకు పట్టిన మనిషి మెట్లు దిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. మైకు మూయడం మరిచిపోయాడు. "చెల్లే, ఇంటిపేరు చెప్పమంటవా? మీ ఇంటోళ్లు ఏమనుకుంటరో అని..."

"మా మరిదిని అడిగే వచ్చిన. గాడ కూసున్నడు, చూడు. నా ఇంటిపేరుకు లేని సిగ్గు నీకెందుకు అన్నా? అందరిని ఎట్ల పిలిచినవో నన్ను గట్లనే పిలువు."

వెనక వరుసలో ఆమె మరిది చెయ్యెత్తి ఊపాడు. కాక మళ్లీ మెట్లెక్కాడు. ఈసారి ఆయన గొంతు ఆయనకు దొరికింది.

"కోడం బుచ్చవ్వ! ఊరు తంగళ్లపల్లి! మన గల్లీల మెస్సు నడిపిస్తది. ఈమె పచ్చిపులుసు తాగి సెకండ్ షిఫ్టుకు పోనోడు ఈ హాలుల ఎవడన్న ఉంటే చెయ్యెత్తుండ్రి!"

ఒక్క చెయ్యి లేవలేదు. నవ్వులు లేచాయి, ఆ వెనకే చప్పట్లు. బుచ్చవ్వ అత్తమ్మ కొంగు సర్దుకుని మైకు ముందుకు వచ్చింది. నా కళ్లు తడిశాయి, దాచుకోలేదు కూడా.

"నాకు టీబీ వచ్చింది. మందులు మింగిన, పోయింది," అని మొదలుపెట్టింది. మందుల వేడికి కడుపులో తిప్పిందనీ, మూత్రం ఎర్రగా వస్తే భయపడి నాకు ఫోన్ చేసిందనీ, అది మందు రంగేనని నేను చెప్పాననీ చెప్పింది. అందరూ నవ్వారు, ఆమె ఇంకా నవ్వింది.

మధ్యలో సదానందం లేచాడు. పాండేసరాలో సాంచలు నడుపుతాడు, డబ్బా మానేసిన మొదటి మనిషి అతనే. "అక్కా, తప్పుగ అనుకోకు. అప్పుడు నీ దగ్గర తిన్నోళ్లకు... ఏమన్న అయితదా?"

ఆమె నా వైపు చూసింది. నేను డాక్టరమ్మ వైపు చూశాను. డాక్టరమ్మ హిందీలో చెప్పింది: ఇది గాలిలో, దగ్గు తుంపర్లతో వస్తుంది, అన్నంతోనో గిన్నెలతోనో రాదు. మందులు సరిగా వేసుకుంటే కొన్ని వారాల్లోనే అంటించే శక్తి దాదాపు పోతుంది. ఈమెకు ఇప్పుడు పూర్తిగా నయమైంది. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం ఎవరైనా పరీక్షకు రావాలి.

సదానందం కూర్చోలేదు. తల గోక్కున్నాడు. "మరి రేపటి నుంచి మల్ల డబ్బా తెచ్చుకుంటనక్కా. కొత్తది కొనాలె, పాతది ఎక్కడనో పోగొట్టుకున్న."

"పోగొట్టుకోలేదు," అంది బుచ్చవ్వ అత్తమ్మ మైకులోనే. "ఆఖరి దినం నా దగ్గర్నే ఇడిసిపెట్టి పోయినవ్. అందరి డబ్బాలు గోడకు కొట్టిన మొలలకు తగిలించే ఉన్నయి. వారానికోసారి తోముతనే ఉన్న."