బర్రె ఇచ్చిన సాక్ష్యం

పంతొమ్మిది వందల అరవైతొమ్మిది మొదట్లో, తెలంగాణ ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే, దక్కాలని పిల్లలు రోడ్లెక్కిన రోజులు. రూలు బంగారం లాంటిది: ఇక్కడ పదిహేనేళ్లు వరుసగా ఉన్నవాడికే సర్కారు కొలువు. కానీ ఉన్నట్టు ఏ కాగితం చూపాలో ఎవరూ రాయలేదు. అది చేవెళ్ల తాలూకాఫీసులో గుమాస్తా ప్రభాకర్ ఇష్టం.

మొయినాబాదు మారయ్య నాకు మేనల్లుడు. పట్నంలో చప్రాసీ కొలువుకు అర్జీ పెట్టుకున్నాడు. శనివారం సాయంత్రంలోగా ముల్కీ సర్టిఫికెట్ జతచేయకపోతే కొలువు పోయినట్టే. శనివారం పొద్దున్నే వాడితో నేనూ, వాళ్లమ్మ ప్రేమమ్మా బయల్దేరాం.

మా ముందున్నాయన కోస్తా నుంచి మొన్నమొన్న వచ్చినవాడు. పదిహేనేళ్ల ఇంటి కిరాయి రసీదులు పెట్టాడు. అన్నీ ఒకే సిరా, ఇంకా తడి ఆరనట్టే ఉన్నాయి. ప్రభాకర్ లెక్కపెట్టి ముద్ర గుద్దాడు.

"నీ రసీదులేవి?" అని అడిగాడు మారయ్యను.

"సొంతిల్లు సార్. కిరాయి ఎవనికి కట్టాలె?"

"బడి కాగితం?"

ఇచ్చాడు. గుమాస్తా తిరగేశాడు. "నాలుగేండ్లే ఉన్నది. కడమ పదకొండేండ్లు యాడున్నవ్?"

"ఇంట్లనే!"

నాకు ఒళ్లు మండింది. "సారూ, మా తాత పుట్టినప్పుడు గండిపేట చెరువు పుట్టలె. మా తాత దప్పిక చూసే నిజాం దాన్ని తవ్విచ్చిండు!"

"మీ తాత సంతకం తే పెద్దమనిషీ," అన్నాడు ప్రభాకర్. తర్వాత గొంతు తగ్గించాడు. "దొంగ సర్టిఫికెట్లని లొల్లి అయితున్నది. కడక్‌గ చూడుమని పైనుంచి ఆర్డరొచ్చింది. రేపు ఎంక్వైరీ అయితే కాగితమే నన్ను కాపాడుతది, నీ మాట కాదు."

ప్రేమమ్మ కొంగు ముడి విప్పింది. "ఇవి పనికొస్తయా బిడ్డా?"

బందెలదొడ్డి రసీదులు! వాళ్ల బర్రె ఏటా ఎవరి చేనో మేయడం, దాన్ని దొడ్డిలో కట్టేయడం, మా బావ శాంతయ్య జుర్మానా కట్టి విడిపించడం. ప్రతిదాని మీదా ముద్ర.

"ఇది బర్రె ముల్కీ కదా?" అన్నాడు ప్రభాకర్.

"బర్రె ఈడుంటే మేం వేరే ఊళ్లె ఉంటమా? పాలెవరు పిండుతరు సార్?" అంది ప్రేమమ్మ.

ప్రభాకర్ లెక్కపెట్టాడు. పద్నాలుగు. "అరవైరెండుల ఏది?"

"ఆ యేడు కాలు ఇరిగింది. మంచం మీదనే."

"బర్రెనా?"

"మా ఆయన! బర్రెను తోలేటోడే లేడు, ఇంటికాడనే మేసింది."

గుమాస్తా పగలబడి నవ్వాడు. "బర్రె కాగితం చెల్లదని రూల్ల లేదు," అని రాసి తహసీల్దారు దగ్గరికి పంపాడు. ఆయన చదవకుండానే సంతకం చేశాడు.

మారయ్యకు కొలువొచ్చింది. ఆ వారమే మొయినాబాదు బందెలదొడ్డి కిక్కిరిసిపోయింది. కాపలాదారు హన్మయ్య లబోదిబోమన్నాడు:

"తలా ఒక బర్రెను తోలుకొచ్చి, 'జర రసీదియ్యి అన్నా, పిల్లలకు పదిహేనేండ్లకు అక్కరకొస్తది' అంటున్నరు. ఎవని చేను మేసిందంటే, 'నా చేనే, రాస్కో' అంటున్నరు!"