రాజ్మా వండిన రోజు

డొంకరాయిలో పవర్‌హౌస్ డ్యూటీకి తిరిగి వెళ్తూ మా ఆయన రాబిన్ తన ఎనిమిది కిలోల కెటిల్‌బెల్ నాకు వదిలేశాడు. పైన పిడి ఉన్న ఇనప గుండు అది. రెండో కాన్పు తర్వాత నా నడుం బలహీనపడింది. ఇద్దరు పిల్లలతో అరకులో జిమ్‌కి ఎవరు వెళ్తారు? పొద్దున్నే పిల్లలు లేచేలోగా వెనక వసారాలో దొరికే పదిహేను, ఇరవై నిమిషాలే నావి.

ఒళ్లంతటికీ ఆ ఒక్క గుండే. ముందు పది స్వింగులు, అంటే గుండును రెండు చేతులతో పట్టుకుని కాళ్ల మధ్య నుంచి ఎద ఎత్తుకి ఊపడం. తర్వాత గుండును గుండెలకు హత్తుకుని ఎనిమిది గుంజీలు. ఒక చెయ్యి స్టూలు మీద ఆనించి, వంగి, రెండో చేత్తో గుండును పక్కటెముకల దాకా లాగడం. భుజం దగ్గర్నుంచి తలపైకి ఎత్తడం. చివరికి ఒక్క చేత్తో వేలాడదీసుకుని, పక్కకు ఒరగకుండా, వసారా ఈ కొసనుంచి ఆ కొసకు నడక. చెయ్యి మార్చి మళ్లీ. అదొక చుట్టు.

ఎన్ని చుట్లు? ఫోన్లో టైమర్ పెడితే ఏడాదిన్నర రోనాల్డ్ లేచి కూర్చుంటాడు. కుక్కర్ విజిల్‌కి మాత్రం కదలడు. అందుకే కుక్కర్ పొయ్యి మీద పెట్టి మొదలుపెట్టేదాన్ని, అది ఉడికేదాకా చుట్లు తిరిగేదాన్ని. రెండు పనులూ ఒకేసారి అయిపోతున్నాయని నాలో నేనే మెచ్చుకున్నాను.

మూడో వారం నడుం పట్టేసింది. రోనాల్డ్‌ని ఎత్తబోయి వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను.

"సెప్పినానా?" అంది మా అత్త పైడమ్మ, వేడినీళ్ల సీసా తెస్తూ. "కాఫీ గింజల బస్తాలు మోసినాన్నేను, ఏ రోజూ నడుం అన్లేదు. పనీ పాటా లేనట్టు ఆ గుండు ఊపడమేటి?"

"డాక్టరమ్మే బలం పెంచుకోమంది అత్తా."

"బలం పెరిగింది, మంచం దిగలేకపోతన్నావు. ఇంకోపాలి పట్టేసిందంటే ఆ గుండుని సోమన్న జీపెక్కించేత్తాను. ఘాట్‌లో సెక్రానికి అడ్డం పెట్టుకోడానికి కావాలని అడిగి సచ్చిపోతన్నాడు."

అత్త వాళ్ల అక్క కొడుకు సోమన్న బావకి మా గుండు మీద మొదట్నుంచీ కన్ను. నాకా భయం పట్టుకుంది. రోజంతా ఎవరో ఒకరి కోసం తిరిగే మనిషిని. ఆ కాసేపూ పోతే ఇంకేం మిగులుతుంది?

మంచం మీద పడుకుని వెనక్కి లెక్క వేశాను. ఇంతకుముందు రెండుసార్లు నడుం సలిపింది. రెండుసార్లూ సంత మర్నాడే. ఇప్పుడూ అంతే. సంత మర్నాడు మా ఇంట్లో రాజ్మా. అన్నానికి మూడు విజిళ్లు, పావుగంట, మూడు చుట్లు. రాజ్మాకి ఎనిమిది. తర్వాతి సంత మర్నాడు అత్త రాజ్మా వండుతుంటే గోడ గడియారం చూశాను. ముప్పై ఎనిమిది నిమిషాలు! ఆ రోజుల్లో మూడు చుట్లు కాదు, ఆరూ ఏడూ తిరిగేశానన్నమాట. విజిళ్లు పూర్తికాకుండా ఆపడం తప్పనిపించేది మరి. అలిసిపోయాక స్వింగ్ ఎలా చేస్తానో కూడా గుర్తొచ్చింది. తుంటిని వెనక్కి తోసి, వీపు చదునుగా ఉంచి, తుంటి విసురుతోనే గుండును పైకి పంపాలి. చేతులు తాళ్లలాంటివి, అంతే. నేను చివరి చుట్లలో వీపు వంచేసి చేతులతో లాగాను.

"తప్పు గుండుది కాదత్తా, రాజ్మాది," అన్నాను.

"ఆ, గింజలు మీద పడి కొట్టినాయి కాబోలు!"

నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగాను. తర్వాత వారం రోజులు ఒక్కొక్క చుట్టే. ఆ పైన రెండు. నెల తిరిగాక ఒక సంత మర్నాడు మళ్లీ మూడు చుట్లకు సిద్ధమయ్యాను. కుక్కర్లో రాజ్మా. ఆరేళ్ల మెర్లిన్ లేచి వచ్చింది. గుండు ఊగే చోటికి రాకుండా సుద్దతో గీత గీశాను. గీత అవతల పీట వేసుకుని అత్త కూడా కూర్చుంది, తీర్పు చెప్పడానికి.

మూడు చుట్లూ లెక్క ప్రకారం చేశాను. ఊపిరి అందనప్పుడు ఆగి నిలబడ్డాను. గుండు కింద పెట్టేసరికి కుక్కర్ ఇంకా రెండు విజిళ్లే వేసింది. ఒంట్లో ఇంకా ఓపిక ఉన్నట్టే ఉంది. చెయ్యి మళ్లీ పిడి మీదకు పోయింది.

"మూడయిపోనాయి. గుండు ఒగ్గేయ్," అంది అత్త.

"ఇంకొక్కటి..."

"మూడన్నావా లేదా? మళ్లీ నీకు కాపడం పెట్టే ఓపిక నాకు లేదు. బేగి నీళ్లోసుకో."

మర్నాడు పొద్దున్నే అత్త వచ్చి మంచం పక్కన నిలబడింది. "వంగు." వంగాను. "గుంటడ్ని ఎత్తు." తుంటి వెనక్కి తోసి రోనాల్డ్‌ని ఎత్తాను. నడుం మాట్లాడలేదు. అత్త టీ పెట్టడానికి వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి వాకిట్లో జీపు ఆగింది.

"పిన్నీ, గుండేదీ?" అంటూ సోమన్న బావ వసారాలోకి వచ్చి, మోకాళ్లు బిగబట్టి నడుం వంచి దాన్ని లాగబోయాడు.

"ఆగరా!" అని అరిచింది అత్త. "ఎనక్కి తొయ్యి తుంటి. ఈపు విల్లులా వంపుకుని ఎత్తుతావేటి? మంచాన పడితే నీ పెళ్లాం నన్ను తిడతాది."

బావ బిత్తరపోయి నావైపు చూశాడు. గుండు వదిలేశాడు.

"సెక్రానికి గెడ్డలో ఏటిరాళ్లు లేవా?" అంది అత్త. "పొద్దున్నే దీంతో మాకు పనుంది."

'మాకు' అనడం నేను విన్నాను. విననట్టే బావకి టీ ఇచ్చాను.