బెల్లం దిమ్మ ఫొటో

మా ఆయన ఫణీంద్ర అనకాపల్లిలో బెల్లం వ్యాపారి. కొనేవాళ్లకి పంపడానికి దిమ్మ ఫొటో తీసి, దాని గురించి నాలుగు మాటలు రాయమని ఫోన్‌లో ఏఐకి పెట్టేరు. ఫొటో చాట్‌లో కనబడుతూనే ఉంది. అదేమో "నేను ఫొటోలు చూడలేను" అంది. ఈయన బేరానికి దిగేరు. "సరిగ్గా చూడు! పోనీ, సగమైనా చూడు!" ఎంత లాగినా అదే మాట.

"ఇదేమన్నా బెల్లం బేరమా? ఫొటో బానే వెళ్లింది. అదే అలవాటుకొద్దీ చూడలేనని అనేసింది. ఇప్పుడు ఆ చాట్‌లో తనన్న మాటే చదువుకుని పట్టుబడుతోంది. కొత్త చాట్ తెరిచి, ఫొటో మళ్లీ పెట్టి, ఇందులో ఏముందని అడగండి" అని కసిరేను.

అడిగేరు. "బంగారు రంగు బెల్లం దిమ్మ. పైన చీమలు పాకుతున్నాయి" అంది.

"చీమలా?" ఈయన ఫోన్ బోర్లించేసేరు. "నాకేం కనబడ్డం లేదే!"