వివరం లేని నాలుగు మాటలు

నా బావమరిది కుదురుగా కూర్చోలేదు. జిరాక్స్ షాపు పైన ఉన్న నా గది చిన్నది. నాలుగు అడుగులు వేస్తే గోడ తగులుతుంది. ఆ గోడ దాకా వెళ్లడం, వెనక్కి రావడం, మధ్యలో నా భుజం మీదుగా తెరలోకి తొంగి చూడడం. అదే పని.

"ఎంత దాకా వచ్చింది బావా?"

"ఇందాకటి దాకానే."

వాడిది ప్లాస్టిక్ క్రేట్ల కంపెనీ. కూరగాయల వ్యాపారులకు క్రేట్లు అద్దెకిస్తాడు. ఏ క్రేటు ఎవరి దగ్గర ఉందో ఫోన్లో కనిపిస్తుంది. పెద్ద నగరంలో ఒకాయన మొదట్లో యాభై లక్షలు పెట్టాడు. ఆ తర్వాత మిగతా నగరం వాళ్లంతా మంచి మాటలు చెప్పి పంపించారు. ఇప్పుడు మా ఊళ్లోనే ముగ్గురిని అడగబోతున్నాడు. అరవై లక్షలు కావాలి. ఆ ముగ్గురూ పెట్టుబడి కోసం చూపించే స్లైడ్లు, వాడి భాషలో పిచ్ డెక్, తెలుగులో తెమ్మన్నారు. ఇంట్లో చూపించుకుని గానీ నిర్ణయం చెప్పరట.

నేను బ్యాంకు లోను పత్రాలు, బీమా కరపత్రాలు, మందు సీసాల చీటీలు తెలుగు చేసి బతుకుతాను. వాడు మొదట నా దగ్గరికి రాలేదు. కంప్యూటరు చేత చేయించుకున్నాడు. అది బర్న్ రేటును 'దహన రేటు' అనీ, ఏంజెల్ ఇన్వెస్టరును 'దేవదూత పెట్టుబడిదారుడు' అనీ రాసిపెట్టింది.

"ఒక పక్క కాటికాపరి, ఇంకో పక్క దేవదూత. మధ్యలో నీ క్రేట్లు" అన్నాను.

వాడు నవ్వలేదు. గోడ దాకా వెళ్లొచ్చాడు.

నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. రేపు సంతకం పెట్టే ఒప్పందం ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఎదురయ్యే మాటను ఇక్కడ మార్చేస్తే, అక్కడ మనిషి గుర్తుపట్టలేడు. అందుకని ఈక్విటీ, వాల్యుయేషన్ లాంటివి అలాగే ఉంచి, కింద రెండు ముక్కల వివరం రాశాను. ఈక్విటీ కింద: 'ఇది అప్పు కాదు, వడ్డీ రాదు; కంపెనీలో మీ వంతు. విలువ పెరిగితే పెరుగుతుంది, మునిగితే మునుగుతుంది.' ఒప్పందంలో పనిలేని మాటలైతే నేరుగా తెలుగే. రన్‌వే అన్న చోట 'చేతిలో ఉన్న డబ్బు ఇంకా ఎన్ని నెలలు వస్తుంది' అని రాసి, ఎదురుగా మూడు నెలలు అని వేశాను.

అక్కడికి వచ్చేసరికి వాడు ఆగాడు.

"ఇది ఇంత పచ్చిగానా?"

"ఉన్నదే కదా."

"బావా, రన్‌వే అని రాస్తే సరిపోతుంది. అందరూ వాడే మాటే. చూసి తలూపుతారు."

"తలూపుతారు. తెలియకే ఊపుతారు."

"తెలియకపోతే అడుగుతారు కదా!"

"నలుగురిలో నాకు తెలియదని ఎవరంటారురా?"

"నీకేం, నువ్వు మాటలు మార్చి చేతులు దులుపుకుంటావు. మూడు నెలలు అని చూడగానే లేచి పోతారు వాళ్లు. తర్వాత గోడౌను తాళం నేను వేసుకోవాలి." గొంతు పెంచి, వెంటనే తగ్గించాడు. "నాలుగే మాటలు. బర్న్ రేటు, రన్‌వే, చర్న్, ఇంకా ఆ లిక్విడేషన్ ప్రిఫరెన్సు. ఆ నాలుగూ ఇంగ్లీషులో వదిలెయ్. ఎవరైనా అడిగితే నేనే చెప్తాను."

"లిక్విడేషన్ ప్రిఫరెన్సు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంచాను."

"కింద వివరం రాశావుగా. కంపెనీ అమ్ముడుపోతే పాత పెట్టుబడిదారు ముందు తన యాభై లక్షలూ తీసుకుంటాడు, మిగిలిందే మిగతావాళ్లు పంచుకోవాలి అని. చదివినవాడెవడైనా రూపాయి పెడతాడా?"

నేను ఏమీ మార్చలేదు. ఫైలు అలాగే ఇచ్చేశాను. వాడు తీసుకుని, చెప్పులు సగం తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

నేను ఇంటికి వెళ్లేలోపే సంగతి వాళ్లక్క చెవిన పడింది. మా ఆవిడ పళ్లెం నా ముందు పెడుతూ అంది.

"వాడికి అడ్డం పడ్డారట."

"పడలేదు. రాశానంతే."

"మీకు మాటలే తక్కువ. ఆ ఉన్న నాలుగూ అడ్డంగానే వస్తాయి. వాడు నిద్రపోయి ఎన్నాళ్లయిందో తెలుసా మీకు? రేపు వాడితో వెళ్లండి. వెళ్లి నోరు మూసుకుని కూర్చోండి, అది మీకు చేతనైన పనేగా."

వెళ్లాను.

కోల్డ్ స్టోరేజీ మేడ మీద ఆఫీసు గది. కింద మిషన్ల హోరు నేలలోంచి కాళ్లకు తెలుస్తూనే ఉంది. పొడుగాటి బల్లకు ఆ పక్క కోల్డ్ స్టోరేజీ యజమానురాలు, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలతో. ఆమెకు కుడివైపు ముప్పై లారీల ఆసామి, ఎడమవైపు రిటైరైన బ్యాంకు మేనేజరు. మా వాడు ప్రింటు తీయించిన కాపీలు పంచాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. ఇస్తూ నా మొహం చూడలేదు.

తొమ్మిదో పేజీకి వచ్చాక ఎందుకు చూడలేదో తెలిసింది. 'బర్న్ రేటు: 4 లక్షలు.' 'రన్‌వే: 3 నెలలు.' అంతే. నా వాక్యాలు లేవు. తర్వాతి పేజీలో 'నెలవారీ చర్న్: 5%.' చివర వాటాల పట్టిక కింద చిన్న అక్షరాల్లో లిక్విడేషన్ ప్రిఫరెన్సు. దాని కింది వివరం తీసేశాడు.

వాడు నిలబడి చెప్తున్నాడు. బాగానే చెప్తున్నాడు. ఒక చెక్క పెట్టె ఎన్ని ప్రయాణాలకు విరుగుతుందో, తన క్రేటు ఎన్నిటికి ఆగుతుందో చెప్తుంటే లారీల ఆసామి ముందుకు వంగాడు. తొమ్మిదో పేజీ వచ్చింది. వాడి మాట వేగం పెరిగింది. రన్‌వే అన్నప్పుడు ముగ్గురూ తలూపారు. పేజీ తిరిగింది. చర్న్ అన్నప్పుడు మేనేజరు గారు ఊపబోయి, ఊపలేదు.

యజమానురాలు మాత్రం వెనక్కి తిప్పుతోంది. అద్దాలు పెట్టుకుని, పెన్సిలు తీసి, అక్కడక్కడ సున్నా చుడుతోంది. వాడు ముగించి నీళ్లు తాగాక అడిగింది.

"బాబూ, తెలుగు ఎవరు రాశారు?"

"మా బావండీ." నావైపు చెయ్యి చూపించాడు.

"బాగుంది. ఈక్విటీ అంటే ఏమిటో మా ఆడిటరు పదేళ్లుగా చెప్తున్నాడు, ఇవాళ అర్థమైంది." కాగితం బల్ల మీద తిప్పి వాడి ముందుకు జరిపింది. "ఈక్విటీ కింద వివరం ఉంది. వాల్యుయేషను కింద ఉంది. టర్మ్ షీటు కింద కూడా ఉంది. ఈ నాలుగింటి కింద లేదు. ఈ నాలుగూ మాకు ముందే తెలుసనుకున్నావా, తెలియకపోతే మంచిదనుకున్నావా?"

వాడు కాగితం మీదికి వంగి ఆ సున్నాలు చూశాడు.

బియ్యంలో రాళ్ల లాగా ఆ నాలుగూ పేజీల మీద బయటపడి ఉన్నాయి. మొత్తం డెక్ ఇంగ్లీషులో ఉండి ఉంటే ఎవరికీ కనబడేవి కావు. చుట్టూ తెలుగు చేసి, వాటిని వదిలి, వాడే చూపించాడు.

వాడు నావైపు తిరిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె అంది.

"ఆయన్ని కాదు. నువ్వు చెప్పు."

"అవి... అవి అందరూ వాడే మాటలేనండీ, స్టాండర్డ్..."

"తమ్ముడూ," అన్నాడు లారీల ఆసామి, "మా క్లీనరు కూడా లారీ ఎక్కడైనా గుద్దితే ఇంగ్లీషులోనే చెప్తాడు. విషయం చెప్పు."

వాడి చెయ్యి గ్లాసు మీద ఉంది. ఖాళీ గ్లాసును ఇటు జరిపాడు, అటు జరిపాడు. చివరికి మొదలుపెట్టాడు.

"నెలకు ఏడు లక్షలు ఖర్చవుతోందండీ. మూడు వస్తోంది. అంటే నెలకు నాలుగు లక్షలు కరిగిపోతోంది. బర్న్ రేటంటే అదే. బ్యాంకులో పన్నెండు ఉంది." ఆగాడు. "మూడు నెలలు. తర్వాత లేదు."

"ఇంకా?"

"చర్న్ అంటే... నెల మొదట్లో వంద మంది వ్యాపారులుంటే, నెలాఖరుకు ఐదుగురు మానేస్తున్నారు."

"ఐదేగా" అన్నాడు లారీల ఆసామి.

వాడు తల దించుకున్నాడు. అక్కడితో ఆపేయవచ్చు. ఆపుతాడనే అనుకున్నాను.

"ప్రతి నెలా ఐదు శాతమండీ. ఏడాది తిరిగేసరికి ఆ వందలో యాభై నాలుగు మందే మిగులుతారు."

మేనేజరు గారు కాగితం అంచున లెక్క వేసుకుని, అవునన్నట్టు పెన్ను మూత పెట్టారు. "ఎందుకు పోతున్నారు?"

"పక్క ఊళ్లో రెండో మార్కెట్టు తెరిచాకండీ. క్రేట్లు అటు పంపుతున్నాం, ఇక్కడ అడిగిన రోజుకు ఇవ్వలేకపోతున్నాం." తర్వాత, ఎవరూ అడగకుండానే నాలుగోది కూడా చెప్పాడు. కంపెనీని అమ్మాల్సి వస్తే నగరం ఆయన యాభై లక్షలు ముందు తీసుకుంటాడు, ఆ తర్వాతే మీరూ నేనూ అన్నాడు. చెప్పడం అయ్యాక కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

లారీల ఆసామి లేచాడు. "పిల్లవాడివి, కష్టపడుతున్నావు. కానీ నా వల్ల కాదు తమ్ముడూ. నాకు తిరిగే బండే తెలుసు, దిగబడ్డ బండి తెలియదు." ఆమెకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు చివరి దాకా వినబడింది.

మిగిలిన ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. మా వాడు గోళ్లు కొరుక్కుంటున్నాడు. నేను కింద మిషను చప్పుడు విన్నాను. ఒకసారి ఆగి, మళ్లీ అందుకుంది.

"అరవై కుదరదు," అంది ఆమె. "ఇద్దరం కలిసి ముప్పై. రెండో మార్కెట్టు మూసెయ్. ఆ క్రేట్లు ఇక్కడికి తెచ్చుకో. ఇంకొకటి, అమ్మకం జరిగే రోజు వస్తే నగరం ఆయన ముందు, మేం వెనక అన్నది కుదరదు. ఆయన పక్కనే మేమూ. ఎవరు పెట్టిన దాన్నిబట్టి వాళ్లకు, ఒకేసారి."

"దానికి ఆయన ఒప్పుకోవాలండీ. పాత ఒప్పందంలో అలా ఉంది."

"అయితే అడుగు."

"సాయంత్రం మెయిలు..."

"ఫోను లేదా నీ దగ్గర?"

చేశాడు. స్పీకర్లో పెట్టమనలేదెవరూ, వాడే పెట్టాడు. అవతల ఆయన హుషారుగా పలకరించాడు. వాడు కుశలాలు అడగలేదు. ఇద్దరు ముప్పై పెడతామంటున్నారని, వాళ్ల షరతు ఫలానా అని చెప్పాడు.

"సమానంగా అంటే నా ముందు వరస పోతుంది కదయ్యా?"

"పోతుంది సార్. మీరు ఒప్పుకోకపోతే మూడు నెలల తర్వాత వరసే ఉండదు."

ఫోను కట్టయిందేమోనని వాడు తెర చూసుకున్నాడు.

"షరతులన్నీ రాసి టర్మ్ షీటు పంపించు," అన్నాడు ఆయన. "చూస్తాను. ఒప్పుకున్నానని కాదు."

"పంపిస్తాను సార్."

యజమానురాలు అద్దాలు తీసి మెడలో వదిలేసింది. "ఆ షీటు నాకు తెలుగులో కూడా కావాలి."

"చెల్లేది ఇంగ్లీషు కాగితమేనమ్మా" అన్నాను. ఆ గదిలో నేను మాట్లాడింది అదొక్కటే.

"సంతకం దాని మీదే పెడతాను. చదివేది దీన్ని."

ఆ తెలుగు షీటు కోసం మా వాడు లాప్‌టాప్ తెరిచాడు. అలవాటుగా నావైపు తిప్పాడు, మళ్లీ తనవైపు లాక్కున్నాడు. తెలుగు కీబోర్డు వాడికి సరిగా రాదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పు పడితే చెరుపుకుంటూ కొడుతున్నాడు. నేను వంగి చూడబోతే భుజంతో అడ్డం పెట్టాడు.

"ఉండు బావా. నువ్వు చెప్పకు."