దాచిన ఉప్పు

ఆ పొద్దున మబ్బు కమ్మింది గని కురవలె. గాలి దాన్ని గోదారి దిక్కు మెల్లగ తోలుకపోతున్నది. కల్లంల బీడీల తునికాకు కట్టలు ఆరబెట్టి ఉన్నయి. వాన పడితే ఆకంత ఖరాబైతదని ఊరంత మీదికే చూస్తున్నరు. దూలయ్య ఒక్కడు పెండ్లాం జంపక్క కాళ్ళ దిక్కు చూస్తున్నడు. నిన్నటికన్న ఇయ్యాల అడుగు ఇంకింత చిన్నగ పడుతున్నది.

ఆర్నెల్ల సంది ఆమె చిక్కిపోతున్నది, నల్లబడుతున్నది. ఎండకు మాడిందన్నరు ఊరోళ్ళు. దూలయ్యకు గది నమ్మబుద్ధి కాలె. ఆమె అరచేతి గీతలు మసి పూసినట్టు ఉన్నయి. చిగుళ్ళు నల్లబడ్డయి. ఎన్నడో కొడవలి తెగిన మచ్చ బొగ్గు లెక్కయింది. కడియాల కింద, ఎండ సోకని తావుల కూడ నలుపే. అన్నీ చూసిండు, ఎవరికీ చెప్పలె. మాట ఆయనకు జల్దీ రాదు.

ఇంకొకటి కూడ చూసిండు. ఆమె ఉప్పు తింటున్నది. గంజిల, మామిడి ముక్క మీద, ఏమీ లేకుంటె ఉత్త అరచేతిల పోసుకొని. నాలుగేండ్ల కింద టీబీ వస్తే మందులన్ని మింగి బాగైన మనిషి. ఒంట్ల బాగలేనోళ్ళు ఉప్పు మానాలె, చప్పిడి పథ్యం ఉండాలె అని ఆ ఊర్ల పెద్దల పట్టింపు. దూలయ్య ఉప్పు చట్టిని తీసి అటక మీద, జొన్నల గంప వెనక పెట్టిండు. పది రోజులాయె. ఆమె అడిగింది, బతిమాలింది, ఆఖరికి తిట్టింది. ఆయన ఇయ్యలె. ఆమె మంచికే అనుకున్నడు.

ఆ పొద్దు అడవిల ఆకు తెంపుతున్న జంపక్క లేచి నిలబడబోయి కూలబడ్డది. వాంతి చేసుకొని కండ్లు తేలేసింది. దూలయ్య ఎత్తుకొని ఊర్లెకు ఉరికిండు. నర్సు సంగీత బీపీ చూసింది. ఇంకోసారి చూసింది. పై అంకె డెబ్బై దాటలె. అంబులెన్సుకు ఫోన్ చేసి, భద్రాచలం దాక పక్కనే కూసున్నది.

దవాఖానాల డాక్టరు వనజ అడుగుతుంటె దూలయ్య నోరు విప్పిండు. గీతలు, చిగుళ్ళు, మచ్చ, కడియాల కింది నలుపు అన్నీ వరుసగ చెప్పిండు. ఉప్పు సంగతి ఆఖరుకు చెప్పిండు.

"ఉప్పు నేనే దాచిన, డాక్టరమ్మా."

ఆమె ఆయన మొఖం దిక్కు చూసి ఒక్క మాట అన్నది. "నువ్వు చూసినవి చెప్పకపోతే నాకు ఇంత తొందరగ తెలిసేది కాదు."

పరీక్షకు రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండనే నరానికి ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టింది. పొద్దు గూకకముందే జంపక్క కండ్లు తెరిచింది. ఆకు కట్టలు ఎవరు తిరగేసిండ్రని అడిగింది. దూలయ్య గోడ దిక్కు తిరిగి కండువతోటి మొఖం తుడుచుకున్నడు.

రెండు రోజులకు పరీక్షలు, స్కానింగు వచ్చినంక డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. కిడ్నీల మీద రెండు చిన్న గ్రంథులు ఉంటయి. ఒంట్ల ఉప్పును, బీపీని పట్టి ఉంచే రసాలు వాటిలనే ఊరుతయి. టీబీ అప్పుడే ఊపిరితిత్తుల నుంచి వాటికి పాకింది. మందులతోటి టీబీ పోయింది గని గ్రంథులు పాడై సున్నం పట్టినయి. ఉప్పంత మూత్రంల పోతుంటె ఒళ్ళు ఉప్పు కావాలన్నది. పని చెయ్యమని తలకాయ నుంచి ఆ గ్రంథులకు వచ్చే హుకుం ఎక్కువైతే చర్మం నల్లబడతది. కొన్ని బూజు జబ్బులు, హెచ్‌ఐవీ గూడ గిట్ల చేస్తయట. అవి లేవని తేలింది. టీబీ మళ్ళ తిరగబెట్టలేదని కూడ తేలింది.

పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు తీర్ల గోళీలు బతికినన్ని రోజులు వేసుకోవాలె. ఒక్క పూట మానొద్దు. జ్వరమొస్తె పెద్ద గోళీ రెండింతలు. వాంతులై గోళీ నిలవకపోతె ఇంజెక్షన్‌కు ఉరకాలె. ఇవి దూలయ్యతోటి మూడుసార్లు చెప్పించింది, ఊరి నుంచి మళ్ళ వచ్చిన సంగీత.

"ఇగ ఉప్పు చట్టికి తాళమేస్తవా అన్నా?" అన్నది నవ్వుకుంట.

"ఈసారి దాస్తె ఆయన్నే అటక ఎక్కిస్త," అన్నది జంపక్క. ఆర్నెల్లకు ఆమె నోట ఎకసెక్కం వినబడ్డది. పక్క మంచాలోళ్ళు గూడ నవ్విండ్రు.

వారం నాటికి ఇంటికి చేరిండ్రు. జంపక్క అడుగు మళ్ళ పెద్దగ పడుతున్నది. చూడవచ్చిన పెద్దమనిషి ఒకాయన, మందు నడిచినన్ని రోజులు చప్పిడి తప్పదన్నడు. మామూలుగైతె దూలయ్య తల వంచుకునేటోడే.

"ఈమె ఉప్పు తింటది," అన్నడు.

అటకెక్కి చట్టి దింపి, దుమ్ము దులిపి ఆమె ముందట పెట్టిండు. పెద్దమనిషిని గూడ కూసోబెట్టిండు. జొన్న గటక, మామిడికాయ పచ్చిపులుసు. జంపక్క గుప్పెడు ఉప్పు తీసి తన పళ్ళెంల ఇంత వేసుకున్నది. మిగిలింది మొగని పళ్ళెంల వేసింది. నోట పెట్టరానంత ఉప్పు. ఆమె ఓరకంట చూస్తున్నది. పెద్దమనిషి చూస్తున్నడు. దూలయ్య ముద్ద వెంట ముద్ద, పళ్ళెం ఖాళీ అయ్యేదాక తిన్నడు.