అమర్‌నాథ్ అప్పగింత మెయిల్

ఏమప్పా, ఆఫీసు మెయిల్ వస్తే చదవకుండానే ‘ఓకే’ కొట్టే రకమే కదా నువ్వు? మహిత అట్లాంటిది కాదు.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అమర్‌నాథ్ కోల్డ్ స్టోరేజీ నుంచి ఎగుమతుల టీంకు మారుతూ, తన పనులన్నీ ఆమెకు అప్పగిస్తూ పన్నెండు అంశాల మెయిల్ పెట్టాడు. సాయంత్రంలోగా ఆమె ‘తీసుకున్నాను’ అని జవాబివ్వాలి. ఆ తర్వాత ఏ లోపం బయటపడినా అది ఆమె తలకే చుట్టుకుంటుంది.

మెయిల్ చూస్తే ‘a’లూ ‘the’లూ మాయమైన వచ్చీరాని ఇంగ్లీషు. శాంపిల్స్ పంపాను అని ఒక ముక్క, రేపు పంపుతాను అని ఇంకో ముక్క. ఏదో దాస్తున్నాడని మహితకు అనుమానం. పొద్దుటి నుంచీ ఫైళ్లు తిరగేసింది, రిజిస్టర్లు చూసింది, కోల్డ్ రూంలోకి దూరి ప్రతి డ్రమ్ము మీద చీటీ చదివింది.

సాయంత్రం అమర్‌నాథ్ నవ్వుతూ వచ్చాడు.

“ఏం మహితమ్మా, అన్నీ సూసినావా? కావాలనే అట్లా రాసినానులే. నీట్‌గా రాస్తే ఎవురూ సదవరు, తర్వాత నాకే రోజూ ఫోన్లు.”

“అన్నీ చూసినానన్నా. పదకొండు సరిగ్గానే ఉండాయి.”

“పన్నెండోది?”

“కోల్డ్ రూం థర్మామీటర్ సర్టిఫికెట్ గడువు పోయిన వారమే అయిపోయింది. కొత్తది తెచ్చేదాకా నువ్వు ఈడే ఉండాలంట. నేను మెయిల్ పెడితే మేనేజర్ ఇప్పుడే జవాబిచ్చినాడు, సదువుకో.”